ఫొటోలో నాలుగు అంకెలు, ఒక పి-వాల్యూ

ఒకే పేజీకి ఎ, బి అని రెండు వెర్షన్లు పెట్టి ఏది మెరుగో చూసే వెబ్ పేజీ టెస్టు ఫలితం చాలాసార్లు ఫైలుగా కాకుండా ఫొటోగా చేతికొస్తుంది. మీటింగులో తెరమీద వేసిన స్లయిడును ఎవరో ఫోనుతో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. కింద ఒక్క ప్రశ్న ఉంటుంది: "బి గెలిచింది కదా, పేజీ మార్చేద్దామా?" అసలు డేటా అడిగితే రెండు రోజులు పడుతుంది. జవాబు మాత్రం ఇప్పుడే కావాలి.

ఆ ఫొటో ఒక్కటి చేతిలో ఉంటే ఎంతవరకు తేల్చగలం? నిజానికి చాలావరకు తేల్చవచ్చు. రెండు వెర్షన్లకూ ఎంతమంది వచ్చారు, అందులో ఎంతమంది మనకు కావలసిన పని చేశారు అన్న నాలుగు అంకెలు కనిపిస్తే చాలు, పి-వాల్యూ, అంటే పేజీలకు అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం, మనమే లెక్కగట్టుకోవచ్చు. కానీ ఆ పి-వాల్యూని ఎంతవరకు నమ్మాలో చెప్పే విషయాలు ఫొటోలో ఉండవు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క చూపించడానికి నేను అనుకున్నవే. ఒక ఆన్‌లైన్ కోచింగ్ సైటు రిజిస్ట్రేషన్ పేజీకి రెండు వెర్షన్లు పెట్టారు. ఎ అంటే పాత పేజీ, అందులో పేరు, ఊరు, కాలేజీ, ఫోను అన్నీ నింపాలి. బి అంటే కొత్త పేజీ, అందులో ఫోన్ నంబరు ఒక్కటే. వచ్చినవాళ్లలో సగం మందికి ఎ, సగం మందికి బి కనపడేలా ఏర్పాటు చేశారు. ఫొటోలో ఉన్నది ఇది:

| వెర్షన్ | వచ్చినవారు | రిజిస్టర్ అయినవారు | రేటు |
|---|---|---|---|
| ఎ | 4,812 | 385 | 8.00% |
| బి | 4,786 | 439 | 9.17% |

పక్కనే ఆకుపచ్చ డబ్బాలో "కాన్ఫిడెన్స్ 98%" అని ఉంది. స్లయిడు కింది భాగం ఫొటోలో పడలేదు.

ముందు అంకెలు సరిగ్గా చదవాలి

ఫొటో అన్నాక మసక ఉంటుంది. పక్కనుంచి తీస్తే 3కీ 8కీ తేడా తెలియదు, 9 కూడా 0లా కనపడుతుంది. అందుకే లెక్కకు ముందు అంకెలను ఒకదానితో ఒకటి సరిచూడాలి. ఇది రెండు నిమిషాల పని. రిజిస్టర్ అయినవారిని వచ్చినవారితో భాగిస్తే పక్కనున్న శాతం రావాలి. 439ని 4,786తో భాగిస్తే 9.17% వస్తుంది, సరిపోయింది. అది నిజంగా 430 అయితే 8.98% వచ్చేది. 4,786 కాక 4,736 అయితే 9.27% వచ్చేది. అంటే శాతం రెండు దశాంశాల వరకు కనిపిస్తే, మసకబారిన అంకె ఏదో దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది.

అసలు ఇబ్బంది రిజిస్టర్ అయినవారి సంఖ్య ఉన్న కాలమ్ ఫొటోలో లేనప్పుడు వస్తుంది. స్లయిడు తయారుచేసినవారు అందంగా ఉంటుందని "8.0%, 9.2%" అని మాత్రమే వేశారనుకోండి. 4,786లో 9.2% అంటే 440 అని గుణించి ముందుకెళ్లడం మామూలే. కానీ 438 నుంచి 442 వరకు ఏ సంఖ్య అయినా గుండ్రం చేస్తే 9.2% అవుతుంది. అలాగే ఎ వైపు 383 నుంచి 387 వరకు అన్నీ 8.0% అవుతాయి. ఇందులో బికి బాగా కలిసొచ్చే జతను, అంటే 383, 442ని తీసుకుంటే పి-వాల్యూ 0.026 వస్తుంది. ఎకి కలిసొచ్చే జతను, అంటే 387, 438ని తీసుకుంటే 0.053 వస్తుంది. పి-వాల్యూ 0.05 కన్నా తక్కువైతేనే గెలుపు అనడం వాడుక, గుండ్రం చేసిన శాతం వల్లనే ఫలితం ఆ 0.05 గీతకు ఇటు నుంచి అటు దాటిపోయింది. కాబట్టి ఒక్క దశాంశంతో ఉన్న శాతాలు మాత్రమే చేతిలో ఉంటే ఒకే పి-వాల్యూ చెప్పకూడదు, ఈ రెండు చివరలూ చెప్పాలి. తేడా బాగా పెద్దదైతే రెండు చివరలూ ఒకే వైపు ఉంటాయి, అప్పుడు గొడవే లేదు.

మన ఫొటోలో అదృష్టవశాత్తూ సంఖ్యలు ఉన్నాయి. ఇంకొక్క తనిఖీ మిగిలింది. ట్రాఫిక్ సగం సగం పంచామన్నారు కదా, 4,812, 4,786 అలా పంచినట్టే ఉన్నాయా? రెండింటి తేడా 26. సగం సగం పంచితే తేడా యాదృచ్ఛికంగా ఎంత ఊగుతుందో మొత్తం సంఖ్యకు వర్గమూలం చెబుతుంది. 9,598కి వర్గమూలం దాదాపు 98. దాని ముందు 26 చాలా చిన్నది. ఒకవేళ బి దగ్గర 4,486 ఉండి ఉంటే తేడా 326 అయ్యేది, వర్గమూలానికి మూడు రెట్లకు పైన. అలాంటిది కనిపిస్తే పి-వాల్యూ లెక్కే పెట్టకూడదు. బి పేజీ కొన్ని ఫోన్లలో తెరుచుకోలేదో, లెక్కించే కోడ్ ఆలస్యంగా లోడ్ అయ్యిందో, ఏదో కారణంతో కొందరు లెక్కలోంచి జారిపోయారన్నమాట. అలా జారిపోయినవాళ్లు మామూలుగా నెమ్మదైన ఫోన్లు, బలహీనమైన నెట్ ఉన్నవాళ్లే అవుతారు. వాళ్లు తగ్గితే బి రేటు దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది.

జెడ్ ఎలా వస్తుంది

ఇప్పుడు అసలు లెక్క. బి రేటు ఎ కన్నా 1.17 పర్సంటేజ్ పాయింట్లు ఎక్కువ. అంటే వెయ్యి మంది వస్తే బి దగ్గర సుమారు 12 మంది ఎక్కువగా రిజిస్టర్ అయ్యారు. ఈ తేడా పేజీ వల్ల వచ్చిందా, లేక మనుషులు అటూ ఇటూ పడటంలో వచ్చిందా?

దీన్ని తేల్చడానికి ముందు ఒక మాట నిజమని అనుకుంటాం: రెండు పేజీలకూ అసలు తేడా లేదు. గణాంక శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో దీన్నే శూన్య పరికల్పన అంటారు. తేడా లేకపోతే, రిజిస్టర్ అయిన ఆ 824 మంది ఏ పేజీ చూసినా రిజిస్టర్ అయ్యేవాళ్లే. 9,598 చీటీలు రాసి, వాటిలో 824 మీద టిక్కు పెట్టి, బాగా కలిపి, 4,812 ఒక కుప్పగా, 4,786 ఇంకో కుప్పగా పంచినట్టు ఊహించండి. ప్రతిసారీ రెండు కుప్పల్లో టిక్కుల శాతం కొంచెం వేరుగా వస్తుంది. ఇలా వేలసార్లు పంచితే ఆ తేడాలు సున్నా చుట్టూ గంట ఆకారంలో పరుచుకుంటాయి. ఎంత వెడల్పుగా పరుచుకుంటాయో చెప్పేదే స్టాండర్డ్ ఎర్రర్. చీటీలు నిజంగా పంచనక్కర్లేకుండా దాన్ని ఒక సూత్రం ఇస్తుంది:

```
p  = (385 + 439) / (4812 + 4786) = 0.08585
SE = sqrt( p × (1 − p) × (1/4812 + 1/4786) ) = 0.00572
z  = (0.09173 − 0.08001) / 0.00572 = 2.05
```

మొదటి వరుస రెండు వెర్షన్లనూ కలిపిన ఉమ్మడి రేటు, 8.585%. రెండో వరుస ఆ రేటుతో వచ్చే ఊగిసలాట, 0.572 పర్సంటేజ్ పాయింట్లు. మూడో వరుసలో మనకు కనిపించిన తేడాను ఆ ఊగిసలాటతో భాగించాం. జెడ్ 2.05 అంటే కనిపించిన తేడా, యాదృచ్ఛికంగా మామూలుగా వచ్చే ఊగిసలాటకు రెండు రెట్లకు కాస్త పైన ఉంది.

రెండు రేట్లు వేరువేరుగా ఉంటే వాటిని ఎందుకు కలిపేశామని చాలామందికి అనుమానం వస్తుంది. శూన్య పరికల్పనను పరీక్షిస్తున్నాం కాబట్టి, ఊగిసలాటను కూడా అదే నిజమైన లోకంలో కొలవాలి. ఆ లోకంలో ఉన్నది ఒకే రేటు. ఈ ఆలోచనను సాధారణ సూత్రంగా మలిచి 1948లో ప్రచురించినవారు సి.ఆర్. రావు. కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చదివిన రావుగారి పేరుతో ప్రపంచమంతా దాన్ని రావు స్కోర్ టెస్ట్ అంటుంది. ఉమ్మడి రేటుతో చేసే ఈ జెడ్-టెస్టు దానిలో ఒక ప్రత్యేక సందర్భమే. రేట్లను కలపకుండా విడివిడిగా పెట్టి లెక్క చేసే పద్ధతి కూడా ఉంది. రెండు గుంపులూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు రెండు పద్ధతుల జవాబులూ దాదాపు ఒకటే, మన అంకెలతో రెండూ 2.05 దగ్గరే ఆగుతాయి. ట్రాఫిక్‌ను 90:10గా పంచినప్పుడు మాత్రం తేడా కనిపిస్తుంది.

జెడ్ నుంచి పి-వాల్యూకి వెళ్లడానికి ఏ స్ప్రెడ్‌షీటైనా చాలు:

```
=2*(1-NORM.S.DIST(2.049,TRUE))
```

జవాబు 0.0405. ముందున్న 2 ఎందుకంటే, బి 1.17 పాయింట్లు ఎక్కువ రావడాన్నే కాక అంతే తక్కువ రావడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాం. కొత్త పేజీ పాతదానికన్నా ఘోరంగా ఉండే అవకాశం కూడా టెస్టు మొదలుపెట్టినప్పుడు ఉంది కదా.

ఇదే లెక్కను ఇంకొకరు ఆర్ భాషలో `prop.test` తో చేసి 0.044 వచ్చిందంటే కంగారు పడక్కర్లేదు. ఆ ఫంక్షన్ అడగకుండానే యేట్స్ సవరణ అనే చిన్న దిద్దుబాటు చేస్తుంది. మనుషుల సంఖ్య పూర్ణాంకాల్లోనే పెరుగుతుంది, గంట ఆకారపు గీత మాత్రం నున్నగా ఉంటుంది, ఆ తేడాను సర్దడానికి అది. `correct = FALSE` అని పెడితే 0.0405 వస్తుంది. అది చూపించే కై-స్క్వేర్ విలువ 4.198 కూడా కొత్తదేమీ కాదు, మన జెడ్‌ను దానితోనే గుణిస్తే వచ్చేదే.

మరి 98% ఎక్కడిది?

మన లెక్కలో పి-వాల్యూ 0.04. ఒకటిలోంచి తీసేస్తే 96%. ఫొటోలో ఉన్నది 98%. ఎవరు తప్పు?

ఎవరూ కాదు. రెండు వైపులా చూడటం మానేసి, బి ఎక్కువ రావడం అనే ఒక్క వైపే చూస్తే పి-వాల్యూ సగమై 0.02 అవుతుంది. ఒకటిలోంచి 0.02 తీసేస్తే 98%. అంటే ఆ స్లయిడు తయారుచేసిన టూల్ ఏకపక్ష పరీక్ష చేసిందని ఫొటో నుంచే పట్టుకోగలిగాం. మనమే లెక్క చేసుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. డబ్బాలో ఉన్న శాతం ఏ పద్ధతిలో వచ్చిందో తెలియకపోతే, రెండు టూల్స్ ఇచ్చిన "95%"లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఒక టూల్ చెప్పే 95% రెండు వైపులా చూసేవారి లెక్కలో 90% మాత్రమే కావచ్చు.

ఏకపక్ష పరీక్ష తప్పేమీ కాదు, టెస్టు మొదలుపెట్టకముందే అలా నిర్ణయించుకుని ఉంటే. ఫలితం చూశాక, అది బి వైపు మొగ్గిందని తెలిశాక ఒక వైపు ఎంచుకుంటే, పి-వాల్యూని ఊరికే సగం చేసుకున్నట్టే.

దీనికన్నా నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది "కాన్ఫిడెన్స్" అనే ఆ పేరు. గ్రూపులో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని "బి మెరుగైనది కావడానికి 98% అవకాశం ఉంది" అని చదువుతారు. పి-వాల్యూ ఆ మాట చెప్పదు. అది చెప్పేది ఇంతే: రెండు పేజీలకూ తేడా లేని లోకంలో ఇదే టెస్టును మళ్లీ మళ్లీ చేస్తే, ఇంత తేడా గాని ఇంతకు మించిన తేడా గాని వందలో నాలుగుసార్లు వస్తుంది. తేడా లేదనుకుని అంకెలు ఇలా రావడానికి ఉన్న అవకాశం ఒకటి. అంకెలు ఇలా వచ్చాయి కాబట్టి తేడా లేకపోవడానికి ఉన్న అవకాశం వేరొకటి. రెండోది తెలియాలంటే ఇలాంటి మార్పులు మామూలుగా ఎంత తరచుగా పనిచేస్తాయో కూడా తెలియాలి.

ఆ రెండోది ఎంత దూరం పోగలదో చూడండి. ఒక కంపెనీ వంద టెస్టులు చేసిందనుకుందాం. వాటిలో పదింటిలోనే నిజమైన తేడా ఉంది, మిగతా 90లో ఏమీ లేదు. నిజమైన తేడా ఉన్నప్పుడు పట్టుకునే శక్తి ఆ టెస్టులకు 80% ఉంటే, పదిలో ఎనిమిది దొరుకుతాయి. ఏమీ లేని 90లో ఐదు శాతం, అంటే నాలుగైదు, 0.05 గీతను ఊరికే దాటతాయి. మొత్తం గీత దాటినవి పన్నెండు పదమూడు, వాటిలో నాలుగైదు ఉత్తవి. మూడో వంతుకు పైగా! స్లయిడు మీద మాత్రం అన్నిటికీ ఆకుపచ్చ డబ్బాయే ఉంటుంది. ఇక్కడ పదిశాతం అన్నది నా ఊహే, మీ సైటులో అది ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండొచ్చు. కానీ అది తెలియకుండా 98%ని నమ్మకంగా మార్చుకోవడం కుదరదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి-వాల్యూల మీద విడుదల చేసిన ప్రకటనలో ఈ అపార్థాన్ని సూటిగానే ప్రస్తావించింది.

ఫొటోలో పడనిది

ఫొటో ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. ఆ క్షణాన్ని ఎంచుకున్నది ఎవరు, ఎందుకు? పి-వాల్యూ విషయంలో దీనికన్నా పెద్ద ప్రశ్న లేదు.

0.05 అనే హద్దు ఒకే ఒక్కసారి, ముందే అనుకున్న సంఖ్య దగ్గర చూసినప్పుడే పనిచేస్తుంది. రోజూ డాష్‌బోర్డు తెరిచి, డబ్బా ఆకుపచ్చగా మారిన రోజున ఆపేస్తే అది పనిచేయదు. ఎందుకంటే తేడా ఏమీ లేకపోయినా జెడ్ రోజురోజుకూ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, ఏదో ఒక రోజు 0.05 గీతకు సరిపోయే 1.96ని తాకే అవకాశం ప్రతి చూపుతోనూ పెరుగుతుంది. సమాన విరామాల్లో ఐదుసార్లు చూసి, ఏ ఒక్కసారి గీత దాటినా గెలుపు ప్రకటించే పద్ధతిలో తప్పుడు గెలుపు అవకాశం ఐదు శాతం నుంచి 14 శాతానికి పెరుగుతుంది. పదిసార్లు చూస్తే 19 శాతం. పి-వాల్యూ లెక్కించే సూత్రంలో ఎన్నిసార్లు చూశారన్న అంశం ఎక్కడా లేదు, అందుకే సూత్రం ఎప్పటిలాగే 0.04 అని చెబుతూ ఉంటుంది.

ఇక్కడ ఫొటో పని మరింత చెడగొడుతుంది. డబ్బా బూడిద రంగులో ఉన్న రోజు స్లయిడును ఎవరూ ఫొటో తీయరు. ఆకుపచ్చగా ఉన్న రోజు తీస్తారు. కాబట్టి మన దాకా వచ్చిన ఫొటో అప్పటికే ఒక వడపోత దాటి వచ్చింది. మన ఫొటోలో వచ్చినవారి సంఖ్య 4,812, 4,786 అని ఉంది. ముందే "వెర్షన్‌కు ఐదు వేల మంది" అనుకుని ఉంటే ఇంకా వెర్షన్‌కు సుమారు రెండు వందల మంది రావాల్సి ఉండగానే ఆపారన్నమాట. "రెండు వారాలు" అనుకుని సరిగ్గా రెండు వారాలకు ఆపి ఉంటే ఇబ్బంది లేదు. ఏది జరిగిందో అంకెలు చూసి చెప్పలేం, టెస్టు పెట్టినవారిని అడగాలి. రోజూ చూడటం తప్పదనుకుంటే దానికోసమే తయారైన వరుస పరీక్షల పద్ధతులున్నాయి. అవి చూసే ప్రతిసారీ హద్దును మామూలుకన్నా కఠినంగా పెట్టి, మొత్తం తప్పును ఐదు శాతంలోనే ఉంచుతాయి.

రెండో ప్రశ్న "వచ్చినవారు" అంటే ఎవరు అన్నది. ఆ కాలమ్ పైన యూజర్లు అని ఉందా, సెషన్లు అని ఉందా, పేజీ వ్యూలు అని ఉందా? మన సూత్రం ఆ కాలమ్‌లో లెక్కపెట్టిన ప్రతి రాకనూ ఒక్కో స్వతంత్రమైన మనిషిగా భావిస్తుంది. ఒకే విద్యార్థి ఫీజు చూసుకోవడానికి మూడుసార్లు వచ్చి వెళ్తే, సెషన్ల లెక్కలో ముగ్గురవుతాడు. కానీ అతని దగ్గర కొత్త సమాచారం ముగ్గురికి సరిపడా లేదు. అప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ ఉండాల్సిన దానికన్నా చిన్నగా వస్తుంది, జెడ్ ఉబ్బుతుంది, 0.04 కాస్తా నిజంగా 0.10 దగ్గర ఉండాల్సింది కావచ్చు. మన జెడ్ గీతను దాటింది అంచుమీద కాబట్టి, ఈ చిన్న మార్పు చాలు ఫలితం తిరగబడటానికి.

మూడోది, స్లయిడులో ఉన్న ఈ కొలత ఒక్కటే చూశారా, లేక పదింటిని చూసి బాగున్నదాన్ని స్లయిడు మీద పెట్టారా అన్నది. ఎన్ని వెర్షన్లు పోటీపడ్డాయన్నదీ ఇదే కోవలోకి వస్తుంది. ఇలాంటి అనుమానాలన్నీ తట్టుకుని నిలబడే ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే 2008లో ఒబామా ఎన్నికల ప్రచారం సైన్‌అప్ పేజీ మీద చేసిన టెస్టు గుర్తొస్తుంది. నాలుగు రకాల బటన్లు, ఆరు రకాల ఫొటోలు, వీడియోలు కలిపి 24 కూర్పులు. మొత్తం 3,10,382 మంది చూశారు, ఒక్కో కూర్పును సుమారు 13,000 మంది. పాత పేజీలో 8.26% మంది సైన్‌అప్ చేస్తే, గెలిచిన కూర్పులో 11.6% మంది చేశారు. మన సూత్రంలో పెడితే జెడ్ తొమ్మిది దగ్గర వస్తుంది. 24 కూర్పులు పోటీపడ్డాయి కాబట్టి 0.05ని 23తో భాగించి హద్దును అంత కఠినం చేసినా, శాతాలను గుండ్రం చేసినా, ఆ తేడా చెక్కుచెదరదు. మన 2.05కి అంత బలం లేదు.

తేడా ఎంత అన్నదే అసలు ప్రశ్న

పి-వాల్యూ మీద ఇంత చర్చ జరిగాక కూడా పేజీ మార్చాలా వద్దా అనేవారికి కావలసింది ఇంకొకటి: మారిస్తే ఎంత లాభం? దానికి జవాబు కూడా ఫొటోలోని అవే నాలుగు అంకెల్లో ఉంది. ఈసారి తేడా లేదని అనుకోవడం లేదు కాబట్టి రేట్లను కలపకుండా విడివిడిగా ఊగిసలాట లెక్కిస్తాం. మళ్లీ 0.572 పాయింట్లే వస్తుంది. దాన్ని 1.96తో గుణించి 1.17కి అటూ ఇటూ వేస్తే, 0.05 నుంచి 2.29 పాయింట్ల వరకు ఉన్న విరామం వస్తుంది. వెయ్యి మంది వస్తే అదనంగా రిజిస్టర్ అయ్యేవాళ్లు అరమనిషి నుంచి 23 మంది దాకా ఎవరైనా కావచ్చు! స్లయిడు మీద "15% పెరుగుదల" అని పెద్ద అక్షరాల్లో రాసేటప్పుడు ఈ వెడల్పు కనపడదు. 8.00 నుంచి 9.17కి పెరగడం నిష్పత్తిలో దాదాపు 15 శాతమే, అబద్ధం కాదు. కానీ ఈ అంకెలు ఒకటి కన్నా తక్కువ శాతం పెరుగుదలతోనూ, 28 శాతం పెరుగుదలతోనూ సరిపోతాయి.

ఇంకొకటి గమనించాలి. వెర్షన్‌కు 4,800 మందితో చేసే టెస్టులో 0.05 గీత దాటాలంటే తేడా కనీసం 1.12 పాయింట్లు కనపడాలి. అసలు తేడా అర పాయింటే అయితే, అది గీత దాటి మన దగ్గరకు వచ్చిన ప్రతిసారీ రెండింతలకు మించి పెద్దగా కనిపించే వస్తుంది. చిన్న టెస్టుల్లో గెలిచిన పేజీలు సైటు మొత్తానికి పెట్టాక స్లయిడులో చెప్పినంత ఇవ్వకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. పేజీలో లోపం ఉందని వెతుకుతారు గాని, లోపం మొదటి అంచనాలోనే ఉంటుంది.

అందుకే ఈ ఫొటోకి నేనిచ్చే జవాబు ఇలా ఉంటుంది. లెక్క సరిగ్గానే ఉంది, రెండు వైపులా చూస్తే పి-వాల్యూ 0.04, బి వైపు మొగ్గు ఉంది. ఒక్క ఫోన్ నంబరు అడగడం వల్ల ఖర్చు పెరగదు, పాత పేజీకి తిరిగి వెళ్లడం కూడా సులువే అయితే, బిని పెట్టేయవచ్చు. కానీ ఊరు, కాలేజీ వివరాలు పోవడం వల్ల తర్వాత ఫోన్ చేసేవారికి పని పెరుగుతుందంటే, లేదా ఈ 15 శాతాన్ని నమ్ముకుని సంవత్సరం టార్గెట్లు పెట్టబోతున్నారంటే, ఇది చాలదు. అసలు తేడా సరిగ్గా 1.17 పాయింట్లే అనుకున్నా, ఇదే టెస్టును ఇంతే మందితో మళ్లీ చేస్తే 0.05 గీత దాటే అవకాశం సగానికి కాస్త పైన మాత్రమే, సుమారు 53 శాతం. ఆ అవకాశాన్ని 80 శాతానికి తేవాలంటే వెర్షన్‌కు సుమారు 9,000 మంది కావాలి. ఆ సంఖ్యను ముందే రాసిపెట్టుకుని, రిజిస్టర్ అయినవారినే కాక ఫీజు కట్టినవారినీ లెక్కిస్తూ కొత్త టెస్టు మొదలుపెట్టాలి. పాత 4,800 మందిని కొత్త లెక్కలో కలపకూడదు. ఆ సంఖ్య వచ్చేదాకా డాష్‌బోర్డును రెండు వైపులా మనుషులు సమానంగా వస్తున్నారా అని చూడటానికి మాత్రమే తెరవాలి.